మధ్యాహ్నపు కృత్తిక

పరీక్ష రోజు ఉదయం కృత్తిక కళ్లు తెరిచేసరికి తిరుగుతున్న ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కనిపించాయి. వంటింట్లో తల్లి పద్మ గరిటెను గిన్నె అంచుకు తట్టడం, వీధిలో పాలవాడు బండి స్టాండు వేయడం, పక్కింటి రేడియోలో ఎవరో గొంతు సవరించుకోవడం, ఏ చప్పుడుకా చప్పుడు దారం మీద గుచ్చిన పూసలా వచ్చి చెవిని తాకింది. నుదుటి మీది పట్టీని విప్పి మడత పెడుతూ, ఇవాళ తన మెదడు తన మాట వింటుందని ఆమె అనుకుంది. అట్లా అనుకోగలగడమే ఆమెకు కొత్త.

ఆ పట్టీ ఆమె మేనత్త సులోచన కనిపెట్టినది. హనుమకొండలోని విశ్వవిద్యాలయంలో ఆమె నాడీశాస్త్రం బోధిస్తుంది. పెళ్లి, పేరంటం అన్నీ ప్రయోగశాలలోనే అని బంధువులు నవ్వుకునేంతగా అందులో మునిగి ఉంటుంది. మనిషి మెలకువ రోజంతా ఒక్క తీరుగా ఉండదు. ఒక వేళ పొంగుతుంది, ఒక వేళ తగ్గుతుంది. నిద్రలో ఉన్నవారి నుదుటికి సన్నని విద్యుత్తును, కనురెప్పల మీదికి ఎర్రని వెలుగును లయబద్ధంగా పంపి, పగలంతా పలచగా పరుచుకునే ఆ చురుకును మనం కోరుకున్న మూడు గంటల్లోకి కుప్పపోయవచ్చునని సులోచన రుజువు చేసింది. ఆ పరికరానికి వేళపట్టీ అని పేరు పెట్టింది. కుప్పపోసిన గంటలు నిండువేళ. ఆ తరువాత పొద్దు వాలేదాకా మనిషిలో మిగిలేది వెలితి.

కిందటి ఏడాది ఇదే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో కృత్తిక కంప్యూటర్ తెర ముందు భయంతో మొదటి ప్రశ్ననే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుండిపోయింది. వచ్చినవన్నీ రాకుండా పోయాయి. ఏడాది పాటు ఇంట్లోనే చదివి రెండోసారి రాస్తున్న ఆమెకు ఈసారి విశ్వవిద్యాలయ కళాశాలలో సీటు రాకపోతే చదువు డిగ్రీ వైపు మళ్లినట్టే. మూడోసారి రాసే ఓపిక తనకు లేదని ఆమే చెప్పింది. మేనకోడలి మొహం చూడలేక సులోచన, ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండాయని తేల్చుకున్న తరువాతే, అంగీకారపత్రం మీద సంతకం చేయించుకుని పట్టీ ఇచ్చింది. నిండువేళను ఉదయం తొమ్మిది నుంచి పన్నెండుకు కట్టింది. హాల్‌టికెట్‌లో ఉన్న పూట అదే.

"ప్లాస్టిక్ ఫైల్ల అన్నీ పెట్టిన. ఆధార్ కార్డు, అప్లికేషన్ ఫారం, నల్ల పెన్ను," అంటూ పద్మ వచ్చి మంచం మీద పరిచింది. "ఇగో, కొత్త హాల్‌టికెట్. ఈ ఫొటోల నువ్వు మంచిగున్నవ్ బిడ్డా. పాతదాంట్ల దొంగ లెక్క ఉంటివి."

హాల్‌టికెట్ రెండుసార్లు తీయవలసి వచ్చింది. మొదటిదానిలో ఫొటో మసకగా పడింది. మొహం పోల్చుకోలేకపోతే లోపలికి పంపరని భయపడి, దిద్దుబాటు కోరుతూ కన్వీనర్ కార్యాలయానికి మెయిలు పెట్టారు. దిద్దినది వచ్చాక నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి ఇంటిల్లిపాదీ చూశారు. బస్సు డ్యూటీ నుంచి వచ్చిన తండ్రి చూశాడు, తల్లి చూసింది, అత్త చూసింది. ముగ్గురూ చూసింది ఫొటోనే. కృత్తిక చూసిన వేళ మధ్యాహ్నం. ఆ వేళ ఆమె ఏం చూసినా చూడనట్టే.

ఇప్పుడు మాత్రం ఆమె కన్ను ప్రతి అక్షరం మీదా నడిచింది. హాల్‌టికెట్ సంఖ్య. తండ్రి పేరు. కేంద్రం కోడు, చిరునామా. పరీక్ష తేదీ ఇవాళ్టిదే. దాని కింద పూట: మధ్యాహ్నం, మూడు నుంచి ఆరు వరకు. కేంద్రంలోకి అనుమతి ఒంటిగంటన్నర నుంచి.

"అమ్మా, అత్తమ్మకు ఫోన్ చెయ్యి," అంది కృత్తిక.

సులోచన రెండు వీధుల అవతలే ఉంటుంది. దువ్వుకోని జుట్టుతో వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చదివింది. తరువాత కూర్చుంది. కుర్చీ ఉన్నదో లేదో చూసుకోకుండా కూర్చున్నందువల్ల పక్కనున్న బియ్యం డబ్బా మీద కూర్చుంది.

"పాత హాల్‌టికెట్ ఉన్నది గదా! దాని మీద పొద్దుగాలనే అని ఉన్నది. అది పట్టుకొని పోదాం పా," అంది పద్మ.

"ఆగు పద్మా. ముందు అడుగుదాం." సులోచన హాల్‌టికెట్ అడుగున ఉన్న సహాయ కేంద్రం నంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. చాలాసేపటికి ఒక ఆడగొంతు పలికింది. సంఖ్య అడిగింది, పుట్టిన తేదీ అడిగింది.

"మేడమ్, మీరు కరెక్షన్ పెట్టినప్పుడు హాల్‌టికెట్ మళ్లీ జనరేట్ అయింది. అప్పటికి ఖాళీ ఉన్న సెంటర్, ఖాళీ ఉన్న సెషన్ అలాట్ అయినయి. పాతది క్యాన్సిల్."

"ఉదయం పూట రాయడానికి అవకాశం లేదా అమ్మా? ఇద్దరు ముగ్గురు రాకపోతే కుర్చీలు ఖాళీగానే ఉంటాయి కదా?"

"కుర్చీ ఉంటది మేడమ్, పేపర్ ఉండదు. ఏ సెషన్ పేపర్ ఆ సెషన్‌కే సెంటర్ సర్వర్ల ఓపెన్ అయితది. మీ పాప నంబరు మధ్యాహ్నం సెషన్‌కు లింకైంది. పొద్దున లాగిన్ కొడితే తీసుకోదు. బయోమెట్రిక్ కాడనే ఆపుతరు."

"మధ్యాహ్నం పేపర్ కష్టంగ ఉంటదా?" అని పద్మ మధ్యలో దూరింది.

"ఎట్లున్నా ఏం కాదమ్మా. ఏ పూట వాళ్ల మార్కులు ఆ పూట వాళ్లతోటి పోల్చి, తర్వాత అందరివీ సరిజేస్తరు. దాన్నే నార్మలైజేషన్ అంటరు. మీరు టైముకు వస్తే చాలు, ఒక్క నిమిషం లేటైనా గేటు తియ్యరు." చివరికి ఆ గొంతు, "ఆల్ ది బెస్ట్ చెప్పండి పాపకు," అని పెట్టేసింది.

లోకంలో మరే విద్యార్థికైనా ఇది శుభవార్తే: చదువుకోవడానికి ఇంకో పూట దొరికింది. కృత్తిక విషయంలో అర్థం వేరు. ఏడాది చదువంతా ఉదయం తొమ్మిదింటికి నిండుకుండలా సిద్ధమై, ఎవరూ అడగక ముందే పన్నెండింటికి ఒలికిపోతుంది. మూడింటికి వెలితి అన్నిటికంటే లోతుగా ఉంటుంది.

"పట్టీ వేళను మధ్యాహ్నానికి జరపలేమా అత్తమ్మా?"

"మూడు రాత్రులు పడుతుంది." సులోచన చేతి సంచిలోంచి ఇంకో పట్టీ తీసింది, ప్రయోగశాలలో వాడే పెద్దది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది. "పన్నెండింటికి గంటసేపు పడుకోబెట్టి, దీంతో రెండో నిండువేళ తేవచ్చు. ఒక్కసారి జరిగింది. నా దగ్గర పరిశోధన చేసే అబ్బాయి, నేను లేనప్పుడు తనంతట తాను కట్టుకున్నాడు. సాయంత్రం అద్భుతంగా పనిచేశాడు. మరునాడు అద్దంలో తన మొహం చూసి, ఎవరని అడిగాడు. కోలుకోవడానికి వారం పట్టింది."

పద్మ లేచి ఆ పట్టీని అందుకుని, సంచిలో పెట్టి, జిప్పు లాగింది. "నా బిడ్డ నన్ను గుర్తువట్టకుంట ఇంజినీరై ఏం జేస్తది వదినె? వద్దు."

"నేనూ వద్దనే అంటున్నా," అంది సులోచన నీరసంగా. "చెప్పకుండా దాచడం తప్పని చెప్పాను."

"ఇంకో మాట అడుగుతా. పొద్దటిపూట ఎంత హుషారుగ ఉంటరో రాసుకున్నవ్. మధ్యాహ్నం ఎట్లుంటరో రాసుకున్నవా?"

సులోచన రాసుకోలేదు. ప్రయోగానికి వచ్చినవాళ్లకు ఉదయం పరీక్షలు పెట్టి, పన్నెండున్నరకు టీ ఇచ్చి ఇళ్లకు పంపేవారు. వెలితి ఉంటుందని ఆమెకు తెలుసు. కాగితాల మీద అది ఒక్క వాక్యం. ఆ వాక్యంలో ఎవరు ఎట్లా బతికారో ఆమె అడగలేదు.

ఈలోగా కృత్తిక లేచి తండ్రి పాత ల్యాప్‌టాప్ తెరిచింది. నిండువేళ మొదలవుతోంది, ఆలోచనలు తడి ఇసుకలో అచ్చులా పడుతున్నాయి. నమూనా పరీక్షల వెబ్‌సైటులో ఆమె ఈ రెండు వారాల్లో ఉదయం పూట రాసినవే ఎక్కువ. కానీ మధ్యాహ్నాలు ఏమీ తోచక, ఏం చేస్తున్నదో అంతగా తెలియకుండానే రాసినవి మూడు ఉన్నాయి. వాటి మార్కులు చూసి సిగ్గుపడి ఆమె మళ్లీ తెరవలేదు.

"ఇవి నావి కావు అనుకుందాం," అంది. "ఇంకో పిల్ల రాసింది. ఆ పిల్లకు ఇవాళ మూడింటికి పరీక్ష ఉంది. మనం ఆమెకు ట్యూషన్ చెప్పాలి."

"ఏ పిల్లనే?" అంది పద్మ.

"మధ్యాహ్నం నీతో తిట్లు తినే పిల్ల."

"ఓ, గదా! గది మంచి పిల్లనే. తిడితే ఎదురు మాట్లాడదు. నీకన్న నయం."

సులోచన బియ్యం డబ్బాను ల్యాప్‌టాప్ పక్కకు జరుపుకుంది. ఇద్దరూ ఆ పిల్ల రాసిన పరీక్షలను ఒక్కో ప్రశ్నగా విప్పారు. ఒక్క అడుగులో తేలే లెక్కలు ఆ పిల్ల దాదాపు అన్నీ చేసింది. రసాయనశాస్త్రంలో సూటిగా గుర్తుకు రావలసినవి చేసింది. నాలుగు వరుసల పొడవున్న ప్రశ్న వస్తే మాత్రం మధ్యలోనే దారి తప్పింది. అన్నిటికంటే విచిత్రం, వెనక్కి వెళ్లి మార్చిన జవాబులు. మొదట పెట్టినది ఒప్పు, మార్చినది తప్పు. మూడు పరీక్షల్లోనూ అదే.

"ఇంకోటి చూడు అత్తమ్మా," అంది కృత్తిక. "ఏ ప్రశ్నకు ఎంతసేపు అయిందో ఇక్కడ పడుతుంది. ఎక్కడా ఆగలేదు. పోయినేడు నేను మొదటి ప్రశ్న దగ్గరనే కూలబడ్డ. ఈ పిల్ల రాకపోతే ఊరుకుంది. భయపడలేదు."

"వెలితిలో భయం కూడా తగ్గుతుందన్నమాట." సులోచన తనలో తాను అనుకున్నట్టు అంది.

ఆ ఉదయం, తొమ్మిది నుంచి పన్నెండు వరకు, కృత్తిక తన జీవితంలోకెల్లా చురుకైన మూడు గంటలను ఇంకొకరి కోసం ఖర్చు పెట్టింది. నూట అరవై ప్రశ్నలు: గణితం ఎనభై, భౌతికశాస్త్రం నలభై, రసాయనశాస్త్రం నలభై. తప్పుకు మార్కు కోత లేదు. అంటే ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. అందరూ గణితంతో మొదలుపెడతారు. ఆ పిల్ల మాత్రం రసాయనశాస్త్రంతో మొదలుపెట్టాలి, అక్కడ అడుగులు చిన్నవి. తెర మీద ఏ విభాగం పేరు నొక్కితే అది తెరుచుకుంటుంది కాబట్టి వరుస తన ఇష్టం. ప్రశ్న చదవాలి. ఒక్క అడుగైతే చేసి, భద్రపరిచి ముందుకు పోవాలి. రెండడుగులైతే గుర్తు పెట్టి వదిలేయాలి. ఒకసారి పెట్టిన జవాబు మార్చకూడదు. గడియారంలో పావుగంట మిగిలినప్పుడు, కుడిపక్క గళ్లలో ఆకుపచ్చగా మారని వాటన్నిటికీ, ఇచ్చిన నాలుగు జవాబుల్లో మూడోది పెట్టేయాలి.

కాగితం లోపలికి తీసుకుపోనివ్వరు. అందుకని అదంతా నాలుక మీద నిలిచేంత పొట్టిగా చేసింది. "కెమిస్ట్రీ ముందు. ఒకటైతే చెయ్యి, రెండైతే వదులు. మార్చకు. పావుగంటకు పచ్చ చెయ్యి." నూరుసార్లు పలికింది. పద్మ అన్నం వడ్డిస్తూ హఠాత్తుగా "రెండైతే?" అని అడిగేది, "వదులు" అని కృత్తిక చెప్పేది.

"వదలకు, ఇంకో ముద్ద తిను," అనేది పద్మ.

అన్నం తింటుండగానే తలలోని వెలుగు తగ్గింది. ఎవరో గదిలోంచి ఒక్కొక్క సామానూ చడీచప్పుడు లేకుండా మోసుకుపోతున్నట్టు అనిపించింది. పప్పు పప్పులా లేదు, ఏదీ కాదు. తల్లి ఏదో అంటోంది. తల ఊపింది.

పరీక్షా కేంద్రం ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కళాశాల. గేటు ముందు ఎండలో జనం. సులోచన ఆమె చెవులవి, మెడలోవి తీసి తన కొంగున కట్టుకుంది. చేతి గడియారం పద్మ తీసుకుంది.

"నేను ఇక్కడనే ఉంటా," అంది పద్మ. "ఆరింటికి బయటికి రా. అంతే. ఇంకేం యాది పెట్టుకోకు."

"కెమిస్ట్రీ ముందు," అంది కృత్తిక.

"అవ్. కెమిస్ట్రీ ముందు."

లోపల వరుస. ఒకాయన హాల్‌టికెట్ మీది గీతల గుర్తును యంత్రానికి చూపించాడు, యంత్రం కూసింది. వేలు పెట్టమన్నారు, పెట్టింది. కెమెరా వైపు చూడమన్నారు, చూసింది. గది గోడకు సీట్ల పట్టిక ఉంది; ఒకావిడ చేయి పట్టుకుని కుర్చీ చూపించింది. తెల్లకాగితాలు ఇచ్చి, పైన నంబరు వేసి చివర్లో తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఆవిడ ఎదుటే కృత్తిక అప్లికేషన్ ఫారం మీద సంతకం చేసి, ఎడమ బొటనవేలి ముద్ర వేసింది. తెర మీద తన పేరు, తన ఫొటో. మంచి ఫొటో. బోర్డు మీద రాసిన పాస్‌వర్డ్‌ను ఒక్కో అక్షరం చూసి కొట్టింది. నియమాలు వచ్చాయి. చదివినట్టు గడిలో టిక్కు పెట్టింది.

మూడు గంటలకు తెర మారింది. మూలన గడియారం వెనక్కి నడవడం మొదలైంది.

పక్క కుర్చీలో కుర్రాడు కాలు ఊపుతున్నాడు. ముందున్న అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంది. కృత్తికకు ఏమీ అనిపించలేదు. ఎవరో దూరం నుంచి, చాలా ఓపికగా, కెమిస్ట్రీ ముందు అని చెప్పారు. ఆ పేరు మీద నొక్కింది. ప్రశ్న వచ్చింది. చదివింది. ఒక్క అడుగు. చేసింది. గడి పచ్చబడింది. ఇంకో ప్రశ్న. ఇది పెద్దది. వదిలింది. గడి ఊదారంగు. మళ్లీ ఒకటి. పొలంలో నాట్లు వేసినట్టు, వంగి ఒకటి, వంగి ఒకటి. పచ్చ వెనక పచ్చ. ఎప్పుడు గణితంలోకి వచ్చిందో తెలియలేదు. అక్కడ నాట్లు పలచబడ్డాయి. ఆ తరువాతది ఆమెకు సరిగా గుర్తులేదు. ఎవరో కాగితాలు అడిగి తీసుకున్నారు. ఎండ వాలిన ఆవరణలో తల్లి చీర కనిపించింది. అటు నడిచింది.

"ఎట్ల రాసినవ్?" అని ఎవరూ అడగలేదు. ఆటోలో సులోచన మాత్రం, "నిన్న రాత్రి కట్టిందే ఆఖరు బిడ్డా. ఇక పట్టీ లేదు," అంది.

పట్టీ విడిచిన కొన్నాళ్లకు గంటలన్నీ తమ తమ చోట్లకు వచ్చి కూర్చున్నాయి. ఉదయాలు కాస్త మసకబారాయి, మధ్యాహ్నాలు కాస్త వెలిగాయి. కృత్తిక ఫ్యాను రెక్కలను మళ్లీ ఒక్క వలయంగానే చూసింది. అది ఆమెకు నష్టంగా తోచకపోవడం ఆమెకే ఆశ్చర్యం కలిగించింది.

ప్రాథమిక సమాధానాలు విడుదలైన రోజు, ఎవరు ఏ ప్రశ్నకు ఏ జవాబు పెట్టారో చూపే రెస్పాన్స్ షీటు కూడా వెబ్‌సైటులో పెట్టారు. సులోచన, కృత్తిక పక్కపక్కన కూర్చుని సరిచూశారు. ఒప్పులు నూట పదకొండు. కిందటేడు వచ్చినవాటికి దాదాపు రెట్టింపు. పూటల మధ్య సర్దుబాటు జరిగి ర్యాంకు వచ్చేదాకా ఏదీ ఖాయం కాదు కానీ, గతేడాది ఆ మార్కుల దగ్గర వచ్చిన ర్యాంకుతో విశ్వవిద్యాలయ కళాశాలలో సీటు వచ్చింది. పద్మ ఆ మాట వినగానే, ఇంకేమీ వినకుండా, బస్సు నడుపుతున్న భర్తకు ఫోన్ చేయడానికి బయటికి పరుగెత్తింది. తరువాతి స్టాపులో ఆగేదాకా ఎత్తడని తెలిసినా చేస్తూనే ఉంది.

కృత్తిక మాత్రం తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"అత్తమ్మా, ఇది చూడు. నలుగురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు; ఏ ఇద్దరు అబ్బాయిలూ పక్కపక్కన రాకుండా వరుసలో ఎన్ని విధాల కూర్చోబెట్టవచ్చు. పద్నాలుగు వందల నలభై అని పెట్టింది."

"ఒప్పే కదా."

"ఒప్పే. కానీ ఇది రెండడుగుల లెక్క. ముందు అమ్మాయిలను కూర్చోబెట్టాలి, తర్వాత వాళ్ల నడుమ, చివర్ల ఉన్న ఐదు సందుల్లోకి అబ్బాయిలను పంపాలి. వదిలెయ్యమని చెప్పిన నేను. ఆఖర్ల అన్నిటికీ మూడోది కొట్టమన్న. ఇది మూడోది కాదు, ఒకటోది."

సులోచన కళ్లద్దాలు సర్దుకుంది. ఇద్దరూ వెనక్కి వెళ్లి గణితం మొత్తం మళ్లీ చూశారు. అట్లాంటివి తొమ్మిది ఉన్నాయి. వదిలేయమని చెప్పినవాటి దగ్గరికి ఆ పిల్ల తిరిగి వెళ్లింది. మసకలో, ఒక్కతే, ఎవరూ చెప్పకుండా కూర్చుని చేసింది. తొమ్మిదిలో ఏడు ఒప్పు.

"గుర్తుందా నీకు?"

"లేదు. ఒక్కటి కూడా." కృత్తిక ఆ తొమ్మిదింటినీ మళ్లీ మొదటి నుంచి చూసింది. "ఆ పిల్లకు ఏం చేతకాదనుకొని అంతా నేనే రాసి ఇచ్చిన అత్తమ్మా. నమ్మలేదు."

సులోచన లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. తరువాతి ప్రయోగానికి స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల కోసం ఇవ్వవలసిన ప్రకటన ఆమె సంచిలోనే ఉంది. తీసి, కృత్తిక పెన్ను అడిగి, ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు అన్నదానిలో పన్నెండును కొట్టివేసి, సాయంత్రం ఆరు అని రాసింది. కొంచెం ఆలోచించి, ఆ కింద ఇంకో వాక్యం చేర్చింది: మధ్యాహ్నం వారితో మాట్లాడడానికి ఒక మనిషి కావలెను.

"ఆ ఉద్యోగం నాదే," అంది కృత్తిక. "కాలేజీ తెరిచేదాకా."

బయట పద్మ ఫోన్ ఎట్టకేలకు కలిసింది. "ఏమయ్యా, బండి పక్కకు ఆపు ముందు," అని ఆమె అరవడం వీధి చివరిదాకా వినిపించింది.